ఏళ్ల తర్వాత ఎయిర్‌పోర్టులో కలిసిన జంట ఫొటో కింద ఏం రాయాలి: నాలుగు రకాల క్యాప్షన్లు, ఏది ఎవరికి

దోహా నుంచో మస్కట్ నుంచో వచ్చిన మనిషి ట్రాలీ తోసుకుంటూ బయటికొస్తుంది. ఎదురుగా నిలబడ్డవాడు రెండడుగులు ముందుకేస్తాడు. పక్కనున్న మేనల్లుడు ఫోన్‌లో ఆ క్షణం పట్టేస్తాడు. ఫొటో బాగానే వస్తుంది. దాని కింద రాసే మాట దగ్గరే అందరూ ఆగిపోతారు. చివరికి నెట్‌లో దొరికిన ఏదో ఒకటి అతికించేస్తారు, లేదంటే మూడు ఎర్ర గుండెలు పెట్టి ఊరుకుంటారు.

క్యాప్షన్ కుదరకపోవడానికి చాలాసార్లు ఒకటే కారణం ఉంటుంది. ఫొటోలో కనిపిస్తున్నదాన్నే మళ్లీ మాటల్లో రాస్తారు. ఇద్దరూ కలిశారని, కళ్లలో నీళ్లున్నాయని, సంతోషంగా ఉన్నారని ఫొటో చూస్తేనే తెలుస్తుంది. ఫొటో చెప్పలేనివి మూడున్నాయి: ఎన్నాళ్లయింది, ఈలోపు ఇంట్లో ఏం జరిగింది, కలిసినప్పుడు ఏమనుకున్నారు. క్యాప్షన్ ఈ మూడింటిలో ఒకటి చెబితే చాలు. మూడూ కలిపి రాస్తే అది ఉత్తరమవుతుంది, ఎవరూ చివరిదాకా చదవరు.

ముందు తేల్చుకోవాల్సినవి రెండు

మొదటిది, మనిషి సెలవుకి వచ్చిందా, పూర్తిగా వచ్చేసిందా. గల్ఫ్ ఇళ్లలో పనికి వెళ్లేవాళ్లకి మామూలుగా రెండేళ్ల ఒప్పందం ఉంటుంది. అది పొడిగించుకుని మూడు, నాలుగేళ్లకి వచ్చేవాళ్లు కోనసీమలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అలా వచ్చినవాళ్లలో చాలామంది చేతిలో తిరుగు టిక్కెట్టు కూడా ఉంటుంది. రెండు నెలల్లో మళ్లీ వెళ్లాల్సిన మనిషి ఫొటో కింద "ఇక ఎప్పటికీ విడిపోం" అని రాస్తే, మూడో నెలలో అదే ఎయిర్‌పోర్టులో టాటా చెబుతున్న ఫొటో పెట్టడానికి మొహం చెల్లదు. పైగా "వచ్చేసింది" అని ఉంటే చదివినవాళ్లు పూర్తిగా వచ్చేసిందనే అనుకుంటారు. మర్నాటి నుంచి "ఇంక వెళ్లదా? అక్కడ ఏమన్నా గొడవైందా?" అని ఇంటికొచ్చి అడిగేవాళ్లు మొదలవుతారు. సెలవైతే "వచ్చింది" అనే రాయండి. భవిష్యత్తు గురించి ఒక్క ముక్క కూడా పెట్టకండి.

రెండోది, ఎవరు చదువుతారు. వాట్సాప్ స్టేటస్ చూసేది అత్తగారు, తోడికోడలు, పాప స్కూల్ టీచరు, చీటీలు నడిపే ఆవిడ, అక్కడ పక్క ఇంట్లో పనిచేసే స్నేహితురాలు, పంపించిన ఏజెంటు. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసేది ఎక్కువగా మేనకోడళ్లు, మేనల్లుళ్లు, పదో తరగతి బ్యాచ్. మొదటి గుంపుకి ఈ కుటుంబం సంగతి అంతా తెలుసు కాబట్టి ఒక చిన్న మాటతో అర్థమైపోతుంది. రెండో గుంపుకి కొంచెం సందర్భం చెప్పాలి. అందుకే రెండు చోట్లా ఒకే క్యాప్షన్ పెట్టడం మంచి పద్ధతి కాదు. ఒకే ఫొటోకి రెండు క్యాప్షన్లు రాసుకోండి, పెద్ద పనేం కాదు.

రోజుల లెక్క

అందరికీ ముందు తోచేది ఇదే. "1291 రోజులు." అంతే. నిజంగానే బలమైన క్యాప్షన్, ఎందుకంటే ఎంత కాలమైందో ఫొటో చెప్పదు. అంకె వింతగా, సరిగ్గా ఉంటే చదివేవాడు ఒక్క క్షణం ఆగుతాడు. "దాదాపు నాలుగేళ్లు" అంటే ఆగడు.

లెక్క సరిగ్గా ఉంటేనే ఇది నిలబడుతుంది. ఇక్కడ తప్పు రెండు చోట్ల జరుగుతుంది. మూడేళ్లు కదా అని మూడుని 365తో హెచ్చవేసి, పై నెలల్ని ముప్ఫైలుగా కలిపేస్తారు. మధ్యలో 2024 ఫిబ్రవరి 29 వచ్చిందని మర్చిపోతారు, నెలల్లో ముప్ఫై ఒకటి ఉన్నవి ఉన్నాయనీ మర్చిపోతారు. రెండో తప్పు తేదీ మారడం దగ్గర. దోహా టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి పదింటికి విమానం ఎక్కితే ఇక్కడ అప్పటికే పన్నెండున్నర, అంటే మర్నాడు. ఎక్కిన తేదీ వేయాలా, దిగిన తేదీ వేయాలా అని ఇంట్లోనే వాదన వస్తుంది. కలిసిన ఫొటో కాబట్టి, చివరిసారి ఒకరినొకరు చూసుకున్న రోజు నుంచి మళ్లీ చూసుకున్న రోజు వరకు లెక్కేయండి. వీసా తేదీ, ఉద్యోగంలో చేరిన తేదీ ఇక్కడ పనికిరావు. ఫోన్‌లో తేదీల మధ్య తేడా చూపే క్యాలిక్యులేటర్ ఉంటుంది, దానితో ఒకసారి సరిచూసుకుంటే చాలు.

ఈ రకానికి ఒక పరిమితి ఉంది. అంకె చల్లగా ఉంటుంది. ఫొటోలో మొహాలు దగ్గరగా కనిపిస్తే అంకె చాలు. దూరం నుంచి తీసిన ఫొటోలో ఇద్దరూ జనంలో కలిసిపోయి ఉంటే అంకె మాత్రమే మిగులుతుంది, మనుషులు కనపడరు.

మన క్యాలెండరు

రోజుల బదులు ఇంటి కాలంతో లెక్క చెప్పడం ఇది. ఎన్ని సంక్రాంతులు పోయాయి, ఏ వరదకి మనిషి లేదు, పాప ఏ తరగతి నుంచి ఏ తరగతికి వచ్చింది. "మూడు సంక్రాంతులు ఫోన్లోనే చూసింది" అంటే గోదావరి డెల్టాలో ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదని లంకల్లో ఎవరూ మర్చిపోలేదు. ఆ సమయంలో భార్యో భర్తో దూరదేశంలో ఉన్న ఇంటికి "ఆ వరదప్పుడు లేడు. ఈ వరదకి ఉన్నాడు" అన్న క్యాప్షన్ సరిగ్గా సరిపోతుంది. అందులో ప్రేమ అన్న పదమే లేదు, అవసరమూ లేదు.

వీటిలో అందరికీ నచ్చేది, అందరికీ కుదరనిది ఆషాఢం. కొత్తగా పెళ్లయిన జంటని ఆషాఢమాసంలో వేరుగా ఉంచే అలవాటు మనకుంది కాబట్టి, "మూడున్నరేళ్ల ఆషాఢం. ఈ ఆదివారంతో శ్రావణం" అంటే చదివినవాళ్లు నవ్వుతారు, కళ్లు కూడా చెమర్చుతాయి. పెళ్లయిన కొన్ని నెలలకే అబ్బాయి అమెరికా వెళ్లిపోయి, అమ్మాయి వీసా కోసం పాలకొల్లులో ఉండిపోయిన జంటకి ఇంతకంటే మంచిది దొరకదు. కానీ పెళ్లయి పదిహేనేళ్లయి, పక్కనే ఇంటర్ చదివే కూతురు నిలబడి ఉన్న ఫొటో కింద ఇదే రాస్తే ఆ శ్రావణానికి పెద్దవాళ్లు తీసే అర్థం వేరు. కూతురి ముందు తండ్రికి ఇబ్బంది. క్యాప్షన్ బాగుందా లేదా అన్నది ఒక ప్రశ్న, ఆ ఫొటోలో ఎవరున్నారన్నది దానికంటే ముందు ప్రశ్న.

పండుగలు, మాసాలు వాడేటప్పుడు తేదీ సరిచూసుకోండి. 2025లో శ్రావణం జూలై 25న మొదలైంది. జూలై 20న దిగిన మనిషికి శ్రావణం అని రాస్తే అమ్మమ్మ మొదటి కామెంటులోనే తప్పు దిద్దుతుంది.

ఇంకో మాట. ఆగస్టు, సెప్టెంబరుల్లో దిగేవాళ్ల ఫొటోల కింద పులస ప్రస్తావన తప్పకుండా వస్తుంది. "పుస్తెలమ్మయినా పులస తినాలి" అన్న సామెతని సరదాగా పెడతారు. భర్త ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన రోజున, భార్య పేరుతో ఉన్న స్టేటస్‌లో పుస్తెలమ్మే మాట పెద్దవాళ్లకి మింగుడుపడదు. పులస కావాలంటే కూర గిన్నె ఫొటోకి దాచుకోండి.

మొదటి మాట

మా దృష్టిలో అన్నిటికంటే మంచిది ఇది. కలిసినప్పుడు ఇద్దరూ నిజంగా అనుకున్న మొదటి మాటని ఉన్నదున్నట్టు రాయడం. ఎయిర్‌పోర్టులో ఏళ్ల తర్వాత కలిసిన మొగుడూపెళ్లాలు పుస్తకంలో మాటలు మాట్లాడరు. "ఇలా చిక్కిపోయావేంటి?" అంటారు. "తోవలో ఏమన్నా తిన్నారా?" అంటారు. "ఈ చొక్కా ఎప్పటిదండీ?" అంటారు. ఆ మాటలు వేరే ఏ జంట ఫొటో కిందా పెట్టలేం కాబట్టే అవి పనిచేస్తాయి.

ఇది కుదరాలంటే కొంచెం ముందుచూపు ఉండాలి. ఆ మాటలు ఇద్దరికీ గుర్తుండవు. ఏడుపులో, సామాన్ల హడావుడిలో పోతాయి. ఫొటో తీసేవాళ్లకి ముందే చెప్పి వీడియో పెట్టమనండి. వీడియోలోంచి ఫొటో తీసుకోవచ్చు, మాటలు కూడా చేతికొస్తాయి. బయట హారన్లు, ట్యాక్సీవాళ్ల అరుపులు ఉంటాయి కాబట్టి తీసేవాళ్లు నాలుగైదు అడుగుల దూరంలోనే ఉండాలి. అంతకంటే వెనక్కి వెళితే మాట వినపడదు. వీడియో లేకపోతే కారెక్కగానే పక్కన నిలబడ్డవాళ్లని అడిగి రాసుకోండి. ఇల్లు చేరేసరికి ఎవరి మాట ఎవరిదో కలగాపులగం అయిపోతుంది.

చెడిపోయేది ఎక్కడంటే, రాసేటప్పుడు మాటని "బాగు" చేయడంలో. "ఇలా నల్లబడిపోయారేంటండీ" అన్నదాన్ని "మీరు చాలా మారిపోయారు" అని దిద్దగానే ప్రాణం పోతుంది. గోదావరి మాట గోదావరి మాటగానే ఉండనివ్వండి, ఆ "అండీ"ని తీసేయకండి. ఒక్క షరతు ఏమిటంటే ఆ మాట ఎవరిదో వాళ్లని అడిగి పెట్టండి. కొన్ని మాటలు ఇద్దరి మధ్యే ఉండాలి.

చిన్నపిల్లలున్న చోట ఒక చిక్కు వస్తుంది. అమ్మ వెళ్లినప్పుడు రెండేళ్ల పిల్ల, వచ్చేసరికి ఆరేళ్లు. ఎయిర్‌పోర్టులో అమ్మ దగ్గరకి రాదు, నాన్న కాలు పట్టుకుని నిలబడుతుంది, "ఎవరు నాన్నా?" అంటుంది. మొదటి మాట అంటే అదే. చదివినవాళ్ల కళ్లలో నీళ్లు తిరుగుతాయి. కానీ ఆ క్యాప్షన్ ప్రతి ఏడాదీ ఫోన్ "జ్ఞాపకాలు" అంటూ ఆ తల్లికి చూపిస్తూనే ఉంటుంది. దాన్ని పెట్టొద్దనే మా సలహా. పెట్టాలనుకుంటే ఆ అమ్మే పెట్టుకోవాలి.

పాట ముక్క, రెడీమేడ్ ఇంగ్లీషు లైను

ఈ రెండిటి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. పాట పంక్తి ఆ పాట గుర్తున్నవాళ్లకే పనిచేస్తుంది. పైగా రీల్‌కి వెనక అదే పాట పెట్టి, కింద అదే పంక్తి రాస్తే ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టు. పాట కావాలంటే వెనక వినిపించనివ్వండి, రాతలో ఇంకోటి పెట్టండి. "ఫైనల్లీ హోమ్" లాంటివి శంషాబాద్‌లోనైనా, షికాగోలోనైనా ఒకేలా ఉంటాయి. అక్కడ పనిచేసిన చోట మనవాళ్లు కాని స్నేహితులున్నప్పుడు, వాళ్లకి అర్థం కావాలనుకున్నప్పుడు మాత్రం తెలుగు క్యాప్షన్ కింద ఒక ఇంగ్లీషు లైను చేర్చడం మర్యాద.

ఒక జంటకి ఎంచి చూద్దాం

మలికిపురం దగ్గర ఒక ఇల్లు అనుకుందాం. భర్త కొబ్బరి దింపులకి వెళ్తాడు. భార్య 2022 జనవరి 20న, సంక్రాంతి వెళ్లిన వారంలోపే, దోహాలో ఒక ఇంట్లో పనికి వెళ్లింది. కూతురు అప్పుడు ఎనిమిదో తరగతి, ఇప్పుడు ఇంటర్ పూర్తి చేసే ఏడాది. 2025 ఆగస్టు 3, ఆదివారం తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగి, అక్కణ్నుంచి ఇంకో విమానంలో రాజమండ్రి దగ్గర మధురపూడి వచ్చింది. ముగ్గురి ఫొటో ఒకటి, ఇద్దరి ఫొటో ఒకటి ఉన్నాయి. రెండు నెలల సెలవు, తిరుగు టిక్కెట్టు ఉంది.

వెళ్లింది భార్య అన్న సంగతి మొదట గుర్తుపెట్టుకోవాలి. దొరికే క్యాప్షన్లలో చాలా భాగం "నీ కోసం ఎదురుచూసిన కళ్లు" అంటూ ఇంట్లో ఉండిపోయిన ఆడమనిషి గొంతుతో ఉంటాయి. డెల్టా నుంచి గల్ఫ్ ఇళ్లకి వెళ్లేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువమందే. ఆ ఇళ్లలో ఎదురుచూసింది మగవాడు, వంట నేర్చుకున్నది మగవాడు, పిల్లకి జడ వేసింది మగవాడు. కాపీ చేసిన లైను అక్కడ తిరగబడుతుంది.

రోజుల లెక్క చూద్దాం. మూడేళ్ల ఆరు నెలల పద్నాలుగు రోజులు, అంటే 1291 రోజులు. లీపు రోజు మర్చిపోతే 1290 వస్తుంది. ముగ్గురి ఫొటోలో మొహాలు స్పష్టంగా ఉంటే ఇది పనిచేస్తుంది, కానీ మరీ పొడిగా ఉంటుంది. ఆషాఢం, శ్రావణం తేదీ ప్రకారం సరిపోతుంది, కూతురు పక్కన ఉంది కాబట్టి వద్దు. "మూడు సంక్రాంతులు" నిజమే. 2023, 2024, 2025 మూడూ పోయాయి. అయితే సెలవు అయిపోయి వెళ్లాక నాలుగోది కూడా పోతుంది కాబట్టి, ఆ మాట కొంచెం గుచ్చుకుంటుంది.

మొదటి మాట వీడియోలో దొరికింది. ఆమె అన్నది, ఆయన అన్నది కలిపి రాస్తే ఇలా వస్తుంది:

"ఏంటండీ, ఇలా నల్లబడిపోయారు?" "చెట్టెక్కేవాడు తెల్లగా ఉంటాడా మరి!" మూడేళ్ల ఆరు నెలల తర్వాత మా మొదటి మాటలు.

వాట్సాప్ స్టేటస్‌కి ఇదే. చూసేవాళ్లందరికీ ఆయన పని తెలుసు కాబట్టి రెండో మాటకి నవ్వుతారు. మూడో వాక్యంలో కాలం లెక్క వచ్చేసింది. భవిష్యత్తు గురించి ఏమీ లేదు. ఇద్దరి ఫొటోకి పెట్టాలి. ముగ్గురిదానికి పెడితే పాప ఎందుకుందో తెలియదు.

ఇన్‌స్టాగ్రామ్‌కి వేరేది కావాలి, ఎందుకంటే అక్కడ చూసేవాళ్లలో కొందరికి ఆమె ఎక్కడుందో, ఆయన ఏం చేస్తాడో తెలియదు. ఈ జంటకి ఇంకో అదృష్టం ఉంది. మధురపూడిలో దిగితే ఇల్లు వచ్చేసినట్టు కాదు. రావులపాలెం దగ్గర గౌతమి దాటాలి, పి.గన్నవరం దగ్గర అక్విడక్టు పక్కన వైనతేయ దాటాలి, ఆ తర్వాతే రాజోలు, మలికిపురం. అందుకని ఇల్లు చేరాక ముగ్గురి ఫొటోకి ఇది:

దోహా నుంచి సముద్రం దాటి వచ్చింది. గౌతమి దాటి, వైనతేయ దాటి ఇంటికొచ్చింది. 1291 రోజులు.

ఇక్కడ అంకె చివర్లో ఉంది కాబట్టి చల్లదనం పోయింది. ఊరి పేరు చెప్పకుండానే కోనసీమ తెలిసిపోయింది.

ఊరి పేర్ల విషయంలో ఒక జాగ్రత్త. విజయవాడ విమానాశ్రయంలో దిగినవాళ్లు "గన్నవరంలో కలిశాం" అని రాస్తే కోనసీమవాళ్లు పి.గన్నవరం అనుకుంటారు, ఎయిర్‌పోర్టు ఫొటో చూసి తికమకపడతారు. "విజయవాడ ఎయిర్‌పోర్టు" అని రాస్తే ఆ గొడవ ఉండదు. రాజమండ్రి విషయంలో అధికారిక పేరు రాజమహేంద్రవరం అయినా, క్యాప్షన్‌లో రాజమండ్రే నోటికి దగ్గరగా ఉంటుంది.

రాసేటప్పుడు అక్షరాల తంటాలు

ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌కి పరిమితి 2,200 క్యారెక్టర్లు, అది ఎవరికీ అడ్డం రాదు. అడ్డం వచ్చేది ముందు కనిపించే భాగం. ఫోన్ తెరని బట్టి సుమారు 125 క్యారెక్టర్లు మాత్రమే కనిపిస్తాయి, మిగతాది నొక్కి చూడాలి. తెలుగులో గుణింతం, వత్తు, సున్న అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "ప్రేమ" మనకి రెండక్షరాలు, ఫోన్‌కి అయిదు. పై సంభాషణ కొటేషన్లతో కలిపి వందకి కొంచెం పైన వస్తుంది కాబట్టి పూర్తిగా కనపడుతుంది. కానీ మూడు ముక్కల్నీ మూడు లైన్లుగా విడగొడితే మూడోది దాగిపోయే ప్రమాదముంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకే పేరాగా రాయండి. వాట్సాప్‌లో లైన్లు విడగొట్టినా ఫర్వాలేదు.

"ఎయిర్‌పోర్టు" అన్న మాట చాలా ఫోన్లలో "ఎయిర్పోర్టు" అయిపోతుంది, ర కింద ప వత్తు పడి చదవడానికి ఇబ్బంది. ఒక్కో అక్షరం కొట్టకుండా, కీబోర్డు పైన చూపించే పూర్తి పదాన్ని ఎంచుకుంటే ఎక్కువగా సరిగ్గా వస్తుంది. రాకపోతే "విమానాశ్రయం" అనేయండి.

వీడియో మీదే అక్షరాలు వేస్తే రెండు సంగతులు చూసుకోవాలి. యాప్‌లో ఇచ్చే అలంకారపు ఫాంట్లు ఎక్కువగా ఇంగ్లీషుకే. తెలుగు రాసినప్పుడు ఫోన్ మామూలు ఫాంటే వస్తుంది. కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో లైన్ల మధ్య ఖాళీ తక్కువైతే పై లైను వత్తులు కింది లైను తలకట్లకి తగులుతాయి. "నల్లబడిపోయారు"లో ల వత్తు తెగిపోయి కనిపిస్తే లైన్ల మధ్య దూరం పెంచండి, లేదా ఒక్క లైనులోనే సరిపెట్టండి. అక్షరాలని నిలువు వీడియో కింది అయిదో వంతులో పెట్టకండి, అక్కడ ఖాతా పేరు, పాట పేరు వచ్చి కప్పేస్తాయి.

ఎప్పుడు, ఎవరికి కనపడాలి

ఫొటో తీసిన వెంటనే పెట్టాలన్న తొందర సహజం. శంషాబాద్‌లో కలిసి కారులో బయల్దేరితే రాజోలు చేరడానికి ఎనిమిది, తొమ్మిది గంటలు. ఆ సమయమంతా ఇంట్లో ఎవరూ లేరని, గల్ఫ్ నుంచి సూట్‌కేసులతో ఒక కారు వస్తోందని మీరే అందరికీ చెబుతున్నట్టు. ఇల్లు చేరాక పెట్టండి. పైన చెప్పిన నదుల క్యాప్షన్ అయితే ఇల్లు చేరాకే నిజమవుతుంది కూడా.

తెచ్చిన బంగారం, పెట్టెల సంఖ్య క్యాప్షన్‌లో సరదాకి కూడా రాయకండి. దిష్టి సంగతి పక్కనపెట్టినా, వారంలో అప్పు అడిగేవాళ్ల వరస ఖాయం. ఫొటోలో బోర్డింగ్ పాస్, పెట్టెకి కట్టిన ట్యాగ్ కనిపిస్తుంటే కత్తిరించండి. వాటిమీద పేరు, బుకింగ్ వివరాలు, స్కాన్ చేసే బార్‌కోడ్ ఉంటాయి. తిరుగు ప్రయాణం కూడా అదే బుకింగ్ అయితే దాన్ని ఎవరైనా తెరిచి చూడొచ్చు. లోపల ఇమిగ్రేషన్, కస్టమ్స్ దగ్గర ఫొటోలు తీయనివ్వరు, కాబట్టి "దిగగానే" అంటూ అక్కడ సెల్ఫీకి ప్రయత్నించొద్దు. బయట ఎదురుచూసే చోటే సరైన చోటు.

ఆమె ఫోన్‌లో అక్కడి యజమానురాలి నంబరు, ఏజెంటు నంబరు ఉంటాయి. సెలవు పొడిగించాలనుకుంటున్నవాళ్లు, పని మారాలనుకుంటున్నవాళ్లు స్టేటస్ పెట్టే ముందు వాట్సాప్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి, స్టేటస్ ప్రైవసీలో `My contacts except…` నొక్కి ఆ రెండు నంబర్లూ ఎంచుకుంటే వాళ్లకి కనపడదు. ఈ మార్పు ఆ తర్వాత పెట్టే స్టేటస్‌లకే వర్తిస్తుంది. ముందే పెట్టేసి ఉంటే దాన్ని తీసేసి, నంబర్లు ఎంచుకుని, మళ్లీ పెట్టాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ తప్పైతే తర్వాత దిద్దుకోవచ్చు. స్టేటస్ 24 గంటలే ఉంటుంది కానీ, స్క్రీన్‌షాట్ తీసినవాళ్ల దగ్గర ఉండిపోతుంది. కాబట్టి మొదటి మాట ఎవరిదో ఆ మనిషికి ఒకసారి చదివి వినిపించి, ఆమె "ఊఁ, పెట్టండి" అన్నాకే పంపించండి.